రెండు గీతలు కలిసిన ప్రతి చోటూ కార్నర్ కాదు

ప్రశ్న: సీబీఎస్ఈ పన్నెండో తరగతి చదువుతున్నాను. లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కల్లో గీతలు సరిగ్గానే గీస్తాను, Z విలువలు కూడా తప్పు లేకుండానే కడతాను. అయినా చాలాసార్లు జవాబు కీతో కలవదు. కార్నర్ పాయింట్లు ఇవే అని కచ్చితంగా ఎలా తెలుసుకోవాలి? రీజియన్ ఒకవైపు తెరుచుకుని ఉంటే చివర్లో ఇంకో గీత గీసి చూడమంటారు, అది ఎందుకండీ?

జవాబు:

మీరు చెప్పినదాన్ని బట్టి, తప్పు గీతల్లోనో గుణకారంలోనో లేదు. గ్రాఫులో రెండు గీతలు కలిసిన చోటునల్లా మీరు కార్నర్‌గా రాసుకుంటున్నట్టున్నారు. రెండు గీతలు కలిసిన బిందువు మిగతా షరతులన్నిటికీ కూడా సరిపోతేనే అది కార్నర్. ఒక్క షరతు తప్పినా దాన్ని పట్టికలోకి రానివ్వకూడదు. రెండో ప్రశ్నకు జవాబు కూడా ముందే చెప్పేస్తాను. రీజియన్ తెరుచుకుని ఉన్నప్పుడు కార్నర్ల పట్టికలోని కనిష్ఠమో గరిష్ఠమో మనకు అభ్యర్థి మాత్రమే. అంతకంటే మంచి విలువ రీజియన్‌లో ఇంకెక్కడా లేదని తేల్చడానికే ఆ గీత.

నేను ఈ పాఠం చెబుతూ, పేపర్లు దిద్దుతూ ఉంటాను. పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. అందుకని ఒక్కోదానికి ఒక్కో లెక్క పూర్తిగా చేసి చూపిస్తాను.

మొదటి లెక్క: మూసుకున్న రీజియన్

కొండపల్లి బొమ్మలు చేసే ఒక కుటుంబం ఎడ్లబండి, ఏనుగు అంబారీ అని రెండు రకాల బొమ్మలు చేస్తుందనుకుందాం. అంకెలు లెక్క కోసం నేను పెట్టినవే. ఎడ్లబండి చెక్కడానికి 1 గంట, రంగులకు 3 గంటలు పడుతుంది. అంబారీ చెక్కడానికి 2 గంటలు, రంగులకు 2 గంటలు. వారానికి చెక్కుడు పనికి 40 గంటలు, రంగుల పనికి 60 గంటలు మించి దొరకవు. ఎడ్లబళ్లు వారానికి 16కి మించి అమ్ముడుపోవు. బండి మీద లాభం 150 రూపాయలు, అంబారీ మీద 120. గరిష్ఠ లాభం ఎంత?

x ఎడ్లబళ్లు, y అంబారీలు అనుకుంటే:

```
గరిష్ఠం చేయాలి: Z = 150x + 120y
చెక్కుడు:  x + 2y ≤ 40
రంగులు:   3x + 2y ≤ 60
అమ్మకం:   x ≤ 16
x ≥ 0, y ≥ 0
```

చెక్కుడు గీత (40, 0), (0, 20)ల గుండా పోతుంది. రంగుల గీత (20, 0), (0, 30)ల గుండా పోతుంది. అమ్మకం గీత x = 16 దగ్గర నిలువుగా ఉంటుంది. 1 సెంటీమీటరుకు 5 యూనిట్లు పెట్టుకుంటే గ్రాఫు 8 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తులో హాయిగా పడుతుంది. మూడు షరతుల్లోనూ (0, 0) పెడితే నిజమే అవుతుంది కాబట్టి మూడిటికీ మూలబిందువు ఉన్న వైపే మనది.

ఇప్పుడు అసలు విషయం. రెండు అక్షాలను కూడా కలుపుకుంటే మన దగ్గర ఐదు గీతలున్నాయి. రెండేసి చొప్పున ఇవి ఎక్కడెక్కడ కలుస్తాయో చూస్తే తొమ్మిది బిందువులు వస్తాయి: (0, 0), (0, 20), (0, 30), (16, 0), (20, 0), (40, 0), (10, 15), (16, 6), (16, 12). గ్రాఫు మీద ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. పెన్సిల్ గీతలు అడ్డంగా దాటుకున్న చోటల్లా కన్ను ఆగుతుంది, చేయి చుక్క పెట్టేస్తుంది.

ఒక్కోదాన్నీ మిగతా షరతుల్లో పెట్టి చూడండి. (0, 30)లో చెక్కుడు గంటలు 60 అవుతాయి, ఉన్నవి 40. కొట్టేయండి. (20, 0), (40, 0) రెండిట్లోనూ బళ్లు 16 దాటాయి. అవీ పోయాయి. (16, 12) చూడండి. చెక్కుడు 16 + 24 = 40, సరిపోయింది. బళ్లు 16, సరిపోయింది. రంగులు 48 + 24 = 72. ఉన్నవి 60 గంటలే కాబట్టి ఇది కూడా రీజియన్ బయటే ఉంది. మిగిలినవి ఐదు: (0, 0), (16, 0), (16, 6), (10, 15), (0, 20).

```
(0, 0)      Z = 0
(16, 0)     Z = 2400
(16, 6)     Z = 2400 + 720  = 3120
(10, 15)    Z = 1500 + 1800 = 3300   ← గరిష్ఠం
(0, 20)     Z = 2400
```

10 ఎడ్లబళ్లు, 15 అంబారీలు చేస్తే 3300 రూపాయలు.

ఇప్పుడు (16, 12)ని పొరపాటున పట్టికలో ఉంచేస్తే ఏమయ్యేదో చూడండి. Z = 2400 + 1440 = 3840. అసలు జవాబు కంటే ఎక్కువ! గరిష్ఠం అడిగారు కాబట్టి అదే జవాబుగా రాసేవాళ్లు. ఇది ఈ ఒక్క లెక్కకే జరిగింది కాదు. షరతు దాటిన బిందువు అంటే లేని గంటలు వాడేసుకున్న బిందువు, దానికి లాభం ఎక్కువ రావడంలో వింతేమీ లేదు. అందుకే పట్టికలోకి దూరిన తప్పు బిందువు తరచుగా అసలు జవాబునే పక్కకు నెట్టేస్తుంది. మీ గుణకారాలన్నీ సరిగ్గా ఉండి కూడా కీతో కలవకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

తేలిగ్గా సరిచూసుకునే పద్ధతి

తొమ్మిది బిందువుల్నీ పరీక్షించడానికి పరీక్షలో టైము ఉండదని మీరనవచ్చు. షేడింగ్ చక్కగా చేస్తే చాలావరకు చూపులోనే తేలిపోతాయి. కానీ చూపును నమ్మి ఊరుకోకుండా నేను పిల్లల చేత ఇంకొకటి చేయిస్తాను. రీజియన్ అంచు వెంట ఒక కార్నర్ నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి రండి. ప్రతి కార్నర్ పక్కన అది ఏ రెండు గీతల మీద ఉందో రాయండి.

```
(0, 0)      x-అక్షం,  y-అక్షం
(16, 0)     x-అక్షం,  అమ్మకం
(16, 6)     అమ్మకం,   రంగులు
(10, 15)    రంగులు,   చెక్కుడు
(0, 20)     చెక్కుడు,  y-అక్షం
```

ఒక కార్నర్ నుంచి పక్క కార్నర్‌కు వెళ్లేటప్పుడు ఒక గీత పేరు కొనసాగుతుంది. ఎందుకంటే ఆ గీత మీదుగానే కదా నడిచాం. మూసుకున్న రీజియన్‌లో ప్రతి గీత పేరూ సరిగ్గా రెండుసార్లు రావాలి. అది మొదలైన మూల ఒకటి, ముగిసిన మూల ఒకటి. ఏదైనా పేరు మూడుసార్లు వస్తే పట్టికలో అక్రమంగా చేరిన బిందువు ఉంది. ఒక్కసారే వస్తే ఏదో కార్నర్ మర్చిపోయారు. పైన (16, 12)ని కూడా చేర్చి చూడండి: అమ్మకం, చెక్కుడు రెండూ మూడేసి సార్లు వస్తాయి. వెంటనే పట్టుబడిపోతుంది.

ఒక పేరు అసలు రాకపోవచ్చు కూడా. అమ్మకం షరతు x ≤ 25 అని ఉండి ఉంటే, రంగుల షరతు ఎలాగూ x ని 20 దాటనివ్వదు కాబట్టి ఆ గీత రీజియన్‌ను తాకదు. అది తప్పు కాదు, ఆ షరతు ఆ లెక్కలో అదనం. సరిగ్గా x ≤ 20 అని ఇస్తే మాత్రం ఆ గీత (20, 0) అనే మూలను ఊరికే తాకి పోతుంది. ఒకే మూలలో మూడు గీతలు కలిసే ఇలాంటి అరుదైన సందర్భంలో పేర్ల లెక్క కుదరదు. అప్పుడు బిందువును షరతుల్లో పెట్టి చూసుకోవడమే దారి.

ఇంకో మాట. కార్నర్ నిరూపకాలను గ్రాఫు మీద చూసి చదవకండి. (10, 15) లాంటివి గళ్ల మీద చక్కగా పడతాయి. కానీ భిన్నం వచ్చినప్పుడు పెన్సిల్ మందానికే విలువ మారిపోతుంది. ఏ రెండు గీతలో గ్రాఫు చూసి తెలుసుకోండి, నిరూపకాలు మాత్రం ఆ రెండు సమీకరణాలను సాధించి రాయండి. ఇక్కడ 3x + 2y = 60 నుంచి x + 2y = 40 తీసేస్తే 2x = 20, x = 10, y = 15. ఈ రెండు లైన్లూ పేపర్లో కనిపించాలి.

షరతు గీత మూలబిందువు గుండానే పోతే ఏ వైపు షేడ్ చేయాలో (0, 0)తో తేలదు. ఉదాహరణకు “బళ్లు అంబారీలకు కనీసం రెట్టింపు ఉండాలి” అంటే x ≥ 2y. అప్పుడు గీత మీద లేని (1, 0) లాంటి బిందువు తీసుకోవాలి. 1 ≥ 0 నిజం కాబట్టి అది ఉన్న వైపే మనది. అన్నట్టు ఈ షరతును చాలామంది 2x ≥ y అని తిరగేసి రాస్తారు. ఒక బండి, ఒక అంబారీ పెట్టి చూడండి. రెట్టింపు లేదు కాబట్టి షరతు తప్పాలి. 2x ≥ y లో పెడితే తప్పడం లేదు, అంటే రాసింది తప్పు.

కార్నర్లే ఎందుకు?

దీన్ని అర్థం చేసుకుంటే రెండో ప్రశ్న కూడా విడిపోతుంది. 150x + 120y = 1200 అని ఒక గీత గీయండి. దాని మీద ఎక్కడున్నా లాభం 1200 రూపాయలే. 1200 బదులు 2400 పెడితే అదే వాలుతో, మూలబిందువుకు దూరంగా మరో గీత వస్తుంది. లాభం పెంచడమంటే ఈ సమలాభ రేఖను దానికే సమాంతరంగా బయటికి జరపడం. రీజియన్ లోపల ఎక్కడ నిలబడ్డా ఇంకాస్త జరపడానికి చోటుంటుంది. ఇక జరిపితే రీజియన్ దాటిపోతుందనే చివరి క్షణంలో రేఖ ఒక మూలనో, మూలతో సహా ఒక అంచు మొత్తాన్నో తాకి ఉంటుంది. 1947లో జార్జ్ డాంట్జిగ్ రూపొందించిన సింప్లెక్స్ పద్ధతి కూడా ఇలా మూల నుంచి మూలకే నడుస్తుంది, అక్కడ చలరాశులు ఎన్నున్నా సరే.

అంచు మొత్తాన్ని తాకడం ఎప్పుడంటే, సమలాభ రేఖ ఆ అంచుకు సమాంతరమైనప్పుడు. బండి మీద లాభం 150 కాకుండా 180 అనుకోండి. Z = 180x + 120y అంటే 60(3x + 2y), అచ్చంగా రంగుల గీత వాలే. (10, 15)లో 3600, (16, 6)లో కూడా 3600. అప్పుడు రెండిట్లో ఒకటి రాసి వదిలేయకూడదు. ఆ రెండు బిందువులనూ కలిపే రేఖాఖండం మీద ప్రతి బిందువూ గరిష్ఠాన్ని ఇస్తుందని రాయాలి. బొమ్మలు పూర్ణసంఖ్యలు కాబట్టి (12, 12), (14, 9) కూడా పనికొచ్చే జవాబులే.

దీన్నే తిరగేసి అడుగుతారు: Z = px + qy గరిష్ఠం (10, 15), (16, 6) రెండు చోట్లా వస్తే p, q ల మధ్య సంబంధం ఏమిటి? రెండు విలువలూ సమానం చేయడమే. 10p + 15q = 16p + 6q, అంటే 9q = 6p, చివరికి 2p = 3q. పైన 180, 120లకు ఇది సరిపోతుందో లేదో మీరే చూసుకోవచ్చు.

రెండో లెక్క: తెరుచుకున్న రీజియన్

పశువుల దాణాకు రెండు మిశ్రమాలు కలపాలి. మొదటిది కిలో 30 రూపాయలు, రెండోది కిలో 20. మూడు పోషకాలకు కనీస అవసరాలు పెడితే షరతులు ఇలా వచ్చాయనుకుందాం:

```
కనిష్ఠం చేయాలి: Z = 30x + 20y
3x + y  ≥ 12
x + y   ≥ 8
x + 3y  ≥ 12
x ≥ 0, y ≥ 0
```

మూడిట్లోనూ (0, 0) తప్పుతుంది కాబట్టి రీజియన్ మూలబిందువుకు అవతల, కుడివైపూ పైవైపూ అంతులేకుండా సాగుతుంది. అంచు వెంట నడుద్దాం. y-అక్షం మీదుగా కిందికి దిగి (0, 12), అక్కడి నుంచి మొదటి గీత మీదుగా (2, 6), రెండో గీత మీదుగా (6, 2), మూడో గీత మీదుగా (12, 0), ఆపైన x-అక్షం మీదుగా కుడివైపుకు. పేర్లు లెక్కపెడితే మూడు గీతలూ రెండేసి సార్లు, అక్షాలు ఒక్కోసారి మాత్రమే వచ్చాయి. ఇక్కడ అది తప్పు కాదు. ఒక్కసారే వచ్చిన ఆ రెండు అంచులే రీజియన్ తెరుచుకున్న వైపులు.

ఇందులోనూ ఒక దొంగ మూల ఉంది. మొదటి గీత, మూడో గీత (3, 3) దగ్గర కలుస్తాయి. అక్కడ x + y = 6, కావలసింది 8. అందులో Z కడితే 150 వస్తుంది, అసలు కనిష్ఠం కంటే తక్కువ. మళ్లీ అదే కథ.

అసలు కార్నర్లలో విలువలు: (0, 12)లో 240, (2, 6)లో 180, (6, 2)లో 220, (12, 0)లో 360. తక్కువది 180.

ఇక్కడే చాలామంది “కనిష్ఠం 180” అని రాసి ముగిస్తారు. అంకె సరైనదే, జవాబు మాత్రం సగమే. ఎందుకంటే కార్నర్ సూత్రం చెప్పేది “కనిష్ఠం అంటూ ఉంటే అది ఒక కార్నర్‌లో వస్తుంది” అని. ఉంటుందని అది హామీ ఇవ్వదు. రీజియన్ మూసుకుని ఉంటే రేఖను ఎటు జరిపినా ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే, కాబట్టి ఆ అనుమానం రాదు. తెరుచుకుని ఉంటే ఆగకపోవచ్చు.

అందుకే 30x + 20y < 180, అంటే 3x + 2y < 18 అనే ప్రాంతాన్ని చూడాలి. 3x + 2y = 18 గీతను చుక్కల గీతగా (6, 0), (0, 9)ల గుండా గీయండి. దీనికి మూలబిందువు వైపున్న భాగమే మనం అనుమానించే చోటు. 180 కంటే తక్కువ ఖర్చయ్యే బిందువులన్నీ అక్కడే ఉంటాయి. ఆ గీత మన రీజియన్‌ను (2, 6) దగ్గర తాకుతుంది, అంతే. అనుమానించిన భాగంలో రీజియన్‌కు చెందిన బిందువు ఒక్కటీ లేదు. కాబట్టి 180 కనిష్ఠమే, 2 కిలోలు, 6 కిలోలు కలిపినప్పుడు వస్తుంది. ఇంతా చేసి పేపర్లో రాయాల్సింది ఒక వాక్యమే: “3x + 2y < 18 కు ఫీజిబుల్ రీజియన్‌తో ఉమ్మడి బిందువులు లేవు, కాబట్టి కనిష్ఠ విలువ 180.”

గ్రాఫులో తాకిందో, కొంచెం లోపలికి వచ్చిందో అనుమానంగా ఉంటే బీజగణితంతోనూ తేల్చుకోవచ్చు. మొదటి షరతులో సగం, రెండో షరతుకు ఒకటిన్నర రెట్లు తీసుకుని కలపండి. ఎడమవైపు సరిగ్గా 3x + 2y వస్తుంది, కుడివైపు 6 + 12 = 18. అంటే రీజియన్‌లో ఎక్కడైనా 3x + 2y ≥ 18 అవ్వక తప్పదు. (2, 6) ఏ రెండు గీతల మీద ఉందో ఆ రెండిటినే కలిపామని గమనించండి.

ఇదే రీజియన్‌లో Z గరిష్ఠం అడిగారనుకోండి. పట్టికలో పెద్దది (12, 0) దగ్గర 360. కానీ (20, 0) కూడా రీజియన్‌లోనే ఉంది, అక్కడ Z = 600. ఇంకా కుడివైపుకు వెళ్తే ఇంకా పెరుగుతుంది. గరిష్ఠం లేదు. “360” అని రాస్తే తప్పు.

కనిష్ఠం అడిగినా ఇలాగే జారిపోయే సందర్భం ఒకటుంది. Z లో రుణ గుణకం ఉన్నప్పుడు జాగ్రత్త. ఇదే రీజియన్‌లో Z = 2x − y కనిష్ఠం చూడండి. కార్నర్లలో వరుసగా −12, −2, 10, 24. తక్కువది (0, 12) దగ్గర −12. ఇప్పుడు 2x − y < −12 ను పరీక్షిస్తే (0, 20) అందులో ఉంది, మన మూడు షరతులకూ సరిపోతుంది, అక్కడ Z = −20. y-అక్షం వెంట పైకి పోయేకొద్దీ విలువ తగ్గుతూనే ఉంటుంది. కనిష్ఠం లేదు అనేదే జవాబు. x, y లు రుణం కానప్పుడు, Z లో రెండు గుణకాలూ ధనాత్మకమైతే కనిష్ఠం తప్పక ఉంటుంది, ఎందుకంటే Z సున్నాకు దిగువకు పోలేదు. కాబట్టి పరీక్షలో గుణకాల గుర్తులు చూస్తే పరీక్ష గీత ఫలితం ఎటు వస్తుందో మీకు ముందే అంచనా ఉంటుంది. అంచనా ఉన్నా ఆ చుక్కల గీత, ఆ వాక్యం మాత్రం రాయండి. అవి లేకపోతే, కనిష్ఠం నిజంగా ఉందని మీరు ఎలా తేల్చారో దిద్దేవాళ్లకు పేపర్లో కనబడదు.

షరతులు ఒకదానికొకటి ఎదురై అసలు రీజియనే లేకుండా పోయే లెక్కలు కూడా ఇస్తారు. దాణా షరతులకు x + y ≤ 5 కూడా చేర్చితే అదే జరుగుతుంది. అప్పుడు పట్టిక వేయాల్సిన పనే లేదు. ఉమ్మడి ప్రాంతం లేదు, కాబట్టి సాధన లేదు అని కారణంతో సహా రాయాలి.

మీరు ఇదివరకు చేసి కీతో కలవని లెక్కల్లో ఒకటి తీసి, పట్టికలో ప్రతి బిందువు పక్కనా గీతల పేర్లు రాసి చూడండి. మూడుసార్లు వచ్చిన పేరు దొరికితే ఆ గీత మీదున్న బిందువుల్ని మిగతా షరతుల్లో పెట్టండి. అయినా తేలకపోతే ఆ లెక్క షరతులు ఇక్కడే పెట్టండి, చూస్తాను.